"అన్ని పూజలూ చేయగలను" అని రాస్తే కమిటీకి ఏం అర్థం కాదు: అమెరికా గుడికి అర్చకుడి కవర్ లెటర్

ప్రశ్న:
నమస్కారమండీ. నాకు 31 ఏళ్ళు. 2004 నుంచి 2012 దాకా పాఠశాలలో ఉండి కృష్ణ యజుర్వేదం క్రమాంతం చదివాను, పరీక్ష సర్టిఫికెట్ ఉంది. తర్వాత మూడేళ్ళు మా గురువుగారి ఇంట్లోనే ఉండి స్మార్తం నేర్చుకున్నాను, దానికి కాగితం ఏమీ లేదు. నాలుగేళ్ళు సొంతంగా పౌరోహిత్యం, 2019 జూన్ నుంచి ఒక శివాలయంలో అర్చకత్వం. అమెరికాలో ఒక గుడివాళ్ళు ప్రీస్ట్ కావాలని ప్రకటన ఇచ్చారు, అక్కడ శివుడు, వెంకటేశ్వరస్వామి, వినాయకుడు, నవగ్రహాలు ఉన్నాయట. రెజ్యూమేతో పాటు కవర్ లెటర్ అడిగారు. మా తమ్ముడు నెట్‌లో చూసి ఇంగ్లీషులో ఒకటి రాసిచ్చాడు, "డైనమిక్ ప్రొఫెషనల్‌ని, అన్ని రకాల పూజలూ చేయగలను, శైవ వైష్ణవ ఆగమాల్లో ఎక్స్‌పర్ట్‌ని" అని ఉంది. చదివితే అది నేనేనా అనిపించింది. ఇదే పంపించనా, మార్చాలా? మారిస్తే ఏం రాయాలి?
— గోదావరి జిల్లా నుంచి ఒక అర్చకుడు

సమాధానం:
శర్మగారూ, నమస్కారం. అది పంపకండి. మీ తమ్ముడిది తప్పేం కాదు, నెట్‌లో దొరికే లెటర్లన్నీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలవే, వాటిలో పేరు మార్చి పూజ అన్న మాట పెడితే ఇలాగే వస్తుంది. నేను ఇక్కడ అమెరికాలోనే ఒక గుడి కమిటీలో అర్చకుల ఎంపిక చూసే వాళ్ళలో ఒకడిగా చాలాకాలం నుంచి ఉన్నాను కాబట్టి ఆ లెటర్ ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్ళు అందులో ఏం వెతుక్కుంటారో చెప్తాను, అది తెలిస్తే ఏం రాయాలో మీకే తెలిసిపోతుంది.

ముందు చదివేది పండితులు కాదండీ. కమిటీలో డాక్టర్లుంటారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళుంటారు, రిటైరైన ఇంజినీర్లుంటారు, అందరూ వాలంటీర్లే, రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో మీ లెటర్ తెరుస్తారు. వాళ్ళకి క్రమాంతం అంటే క్రమపాఠం దాకా వేదం చదవడమని తెలియకపోవచ్చు, స్మార్తం అంటే ఇళ్ళలో చేయించే కర్మల పద్ధతనీ, ఆగమం అంటే గుడి పూజల శాస్త్రమనీ తెలియకపోవచ్చు, కానీ వాళ్ళ గుడి కష్టం వాళ్ళకి బాగా తెలుసు. మంగళవారం పొద్దున గుళ్ళో ఒక్క అర్చకుడే ఉంటాడు, అభిషేకం మధ్యలో ఉండగా ఎవరో కొత్త కారు తెస్తారు, ఫోన్ మోగుతుంది, ఎవరింట్లోనో మైల వచ్చిందని ఏం చేయాలని అడుగుతారు. శనాదివారాలైతే పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే పని. ఈయన్ని ఒక్కణ్ణే వదిలేస్తే గుడి నడుస్తుందా లేదా, ఇదొక్కటే వాళ్ళ మనసులో ఉండే ప్రశ్న. "అన్ని పూజలూ" అన్న ముక్క దానికి జవాబివ్వదు. వచ్చే లెటర్లలో సగానికి పైగా ఆ ముక్క ఉంటుంది కాబట్టి కళ్ళు దాని మీంచి జారిపోతాయి.

రెండో పాఠకుడు ఇంకా ముఖ్యం, ఆయన సంగతి ఎవరూ చెప్పరు. మిమ్మల్ని తీసుకోవాలని నిర్ణయించాక గుడివాళ్ళు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి మీ కాగితాలన్నీ పంపుతారు. అర్చకులకి ఎక్కువగా వేసేది ఆర్-1 అనే మత కార్యకర్తల వీసా. దానికి గుడే మీ తరఫున ఐ-129 అనే దరఖాస్తు వేయాలి, మీరు సొంతంగా వేసుకునేది కాదు. మీకు ఏం చదువుంది, ఎక్కడ చేశారు, ఇక్కడ ఏం చేయబోతున్నారు అని గుడి ఒక పెద్ద ఉత్తరం జత చేస్తుంది, ఆ ఉత్తరానికి ముడిసరుకు మీ రెజ్యూమే, మీ కవర్ లెటరే. అంటే ఇప్పుడు మీరు తేలిగ్గా రాసిన ఒక సంవత్సరం రేపు ప్రభుత్వానికిచ్చే కాగితంలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత కాన్సులేట్ కిటికీ దగ్గర ఆఫీసర్ మిమ్మల్ని అదే అడుగుతాడు. అందుకని ఈ లెటర్లో గొప్పలకంటే తేదీలు సరిగ్గా ఉండటం ముఖ్యం.

ఇప్పుడు "శైవ వైష్ణవ ఆగమాల్లో ఎక్స్‌పర్ట్" అన్న వాక్యం. మీ కొంప ముంచేది ఇదే, ముందు కొట్టేయండి. మీరు రాసినదాన్ని బట్టి మీది యజుర్వేదం, స్మార్తం. శివాలయంలో మీరు చేసేది మహన్యాసంతో రుద్రాభిషేకం, సహస్రనామార్చన, అంతేగా? మన వైపు చాలా శివాలయాలు అలాగే నడుస్తాయి, దాంట్లో తక్కువేమీ లేదు. కానీ శైవాగమం విడిగా ఒక చదువు, దాని దీక్షలు వేరు, ముద్రలు వేరు, ప్రతిష్ఠా క్రమం వేరు. కమిటీవాళ్ళకి తెలియకపోయినా ఇంటర్వ్యూ కాల్‌లో వాళ్ళ పెద్ద అర్చకుణ్ణి కూర్చోబెడతారు, ఆయన "మీది కామికాగమమా, కారణాగమమా, ఎవరి దగ్గర చదివారు" అని మెల్లగా అడుగుతాడు. అక్కడ ఒక్క క్షణం తడబడితే మీకు నిజంగా వచ్చిన క్రమపాఠం మీద కూడా అనుమానం పడుతుంది. వైష్ణవం వైపు ఇంకా కష్టం. తిరుమలలో జరిగేది వైఖానస ఆగమం, ఆ సూత్రంలో పుట్టినవాళ్ళే ఆ అర్చన చేస్తారు. ఇక్కడ కూడా కొన్ని వెంకటేశ్వరస్వామి గుళ్ళు వైఖానసం పట్టుగా పాటిస్తాయి, కొన్ని పాంచరాత్రం, చిన్న గుళ్ళలో మాత్రం ఉన్న ఒక్క అర్చకుడే అన్ని సన్నిధులూ చూసుకుంటాడు. మీరు అప్లై చేసే గుడి ఏ రకమో లెటర్ పంపేముందే వాళ్ళ వెబ్‌సైట్‌లో చూడండి, అర్చకుల పరిచయాలు పెడితే ఎవరు ఏ ఆగమమో రాసి ఉంటుంది. అక్కడ ఇప్పటికే ఒక వైఖానస అర్చకులుంటే వాళ్ళు వెతుకుతున్నది శివుడి సన్నిధికే, అంటే మీలాంటి వాళ్ళకే. అప్పుడు వైష్ణవం ఎక్స్‌పర్ట్ అని చెప్పుకోవాల్సిన పనే లేదు, చెప్పుకుంటే లేనిపోని గొడవ.

మరి వచ్చినవి ఎలా చెప్పాలి అంటే, ఎవరి సాయం లేకుండా మీరొక్కరే మొదటినుంచి చివరిదాకా చేసేవి ఒక మాటగా, ఇంకొకరి పక్కన ఋత్విక్కుగా చేసినవి ఇంకో మాటగా విడదీయండి. ఇలా విడదీసే వాళ్ళు చాలా తక్కువ, అందుకే ఆ లెటర్ చదివిన వాళ్ళకి గుర్తుండిపోతుంది. ఉదాహరణకి రుద్రాభిషేకం, సత్యనారాయణ వ్రతం, గణపతి నవగ్రహ హోమాలు, గృహప్రవేశం, ఉపనయనం, పెళ్ళి మీరొక్కరే చేయిస్తారు అనుకుందాం, అవి రాయండి. చండీహోమం, కుంభాభిషేకం లాంటివాటిలో పెద్దవాళ్ళ దగ్గర ఋత్విక్కుగా మాత్రమే కూర్చున్నారు అనుకుందాం, అదీ అలాగే రాయండి. "కుంభాభిషేకం చేయించాను" అని రాసి తీరా ఇక్కడ పునఃప్రతిష్ఠ వచ్చినప్పుడు యాగశాల లెక్క మీ నెత్తిన పెడితే అప్పుడేం చేస్తారు?

అపరం సంగతి తప్పకుండా ఒక వాక్యం రాయండి. దీని గురించి ఎవరూ రాయరు, తర్వాత ఇదే పెద్ద తగాదా అవుతుంది. ఇక్కడ ఎవరింట్లోనైనా పోతే చేయించేవాళ్ళు దొరకడం చాలా కష్టం, వాళ్ళు మొదట ఫోన్ చేసేది గుడికే. కొన్ని గుళ్ళు తమ అర్చకుల్ని అపర కర్మలకి అస్సలు పంపవు, కొన్ని గుళ్ళు ఒక అర్చకుణ్ణి అందుకోసమే విడిగా పెట్టుకుంటాయి, కొన్ని ఏమీ అనుకోకుండా వదిలేస్తాయి. మీరు గర్భాలయంలో అర్చన చేస్తూ అపరం చేయించరు అనుకుంటే "సన్నిధిలో అర్చన చేసేవాణ్ణి కాబట్టి అపర కర్మలు చేయించను, ఆబ్దికాలు, తర్పణాల విషయంలో మీ గుడి పద్ధతి ఏదో దాని ప్రకారం నడుచుకుంటాను" అనండి. చేయిస్తారు అనుకుంటే అదీ చెప్పండి. ఏది చెప్పినా నష్టం లేదు. చెప్పకుండా వచ్చి రెండో నెలలో కాదనడంతోనే తగాదా మొదలవుతుంది.

ఇంకొక విషయం, ఇది రాస్తే కమిటీలో ఉన్న ఒకరిద్దరు తెలిసినవాళ్ళు కుర్చీలో ముందుకి జరుగుతారు. మీరు పంచాంగం ఏ ఊరికి ఆ ఊరికి చూసుకోగలరా అన్నది. ఇండియా క్యాలెండర్ చూసి ఇక్కడ పండగలు పెట్టేస్తే కొన్ని తప్పుతాయి, ఎందుకంటే తిథి ముగిసే క్షణం లోకమంతా ఒకటే, సూర్యోదయం మాత్రం ఏ ఊరికి ఆ ఊరిది. మనకి ఏకాదశి సోమవారం పొద్దున తొమ్మిదింటికి మొదలై మంగళవారం పొద్దున ఎనిమిదింటికి అయిపోతుంది అనుకోండి. ఇండియాలో మంగళవారం సూర్యోదయానికి ఏకాదశి ఉంది కాబట్టి ఉపవాసం మంగళవారం. అదే వేసవిలో న్యూయార్క్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, అంటే ఆ ఏకాదశి అక్కడ ఆదివారం రాత్రి పదకొండున్నరకి మొదలై సోమవారం రాత్రి పదిన్నరకే అయిపోయింది, వాళ్ళకి సూర్యోదయంలో ఏకాదశి దొరికేది సోమవారమే. రాహుకాలం కూడా అంతే, పగటిని ఎనిమిది భాగాలు చేయాలి కదా, జూన్‌లో న్యూయార్క్‌లో సుమారు ఐదున్నరకి పొద్దు పొడిచి ఎనిమిదిన్నరకి పొద్దు గూకుతుంది, పదిహేను గంటల పగలు, ఒక్కో భాగం దాదాపు గంటా యాభై రెండు నిమిషాలు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని మనం కంఠతా పట్టింది అక్కడ 7:22 నుంచి 9:15 దాకా సాగుతుంది. ఈ లెక్కంతా లెటర్లో పెట్టకండి బాబూ, "గుడి ఉన్న ఊరి సూర్యోదయాన్ని బట్టి తిథి, వర్జ్యం, రాహుకాలం చూసి పండగ తేదీలు చెప్పగలను" అన్న ఒక్క ముక్క చాలు. ఇంటర్వ్యూలో అడిగితే అప్పుడు పైన చెప్పినట్టు ఒక తిథి తీసుకుని లెక్క చేసి చూపించండి. సంకల్పం కూడా అడుగుతారు, ఇక్కడ చాలా గుళ్ళలో జంబూద్వీపే భరతవర్షే బదులు క్రౌంచ ద్వీపే, రమణక వర్షే, ఐంద్ర ఖండే అని చెప్తారు, ముందే నోటికి తెచ్చుకుని ఉండండి.

ఇప్పుడు కాగితాల గొడవ. మీకు సర్టిఫికెట్ లేని మూడేళ్ళు పెద్ద సమస్య కాదు, దాన్ని దాచిపెడితే మాత్రం సమస్య. మీ గురువుగారి దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి. అందులో ఏ సంవత్సరం ఏ నెల నుంచి ఏ నెల దాకా మీరు ఆయన ఇంట్లో ఉండి చదివారు, ఏమేమి ప్రయోగాలు నేర్పారు, స్వతంత్రంగా చేయించుకోవచ్చు అని ఆయన ఎప్పుడు అనుమతి ఇచ్చారు, ఆయన చదువేంటి, పూర్తి చిరునామా, సంతకం, తేదీ ఉండాలి. తెలుగులో రాసినా పర్లేదు, ఇంగ్లీషు అనువాదం జత చేస్తే సరి. క్రైస్తవ పాస్టర్లకి ఆర్డినేషన్ అని ఒక పత్రం ఉంటుంది, అర్చకుడి దగ్గర కూడా ఇమ్మిగ్రేషన్ వాళ్ళు అలాంటిదో దానికి సమానమైనదో చూస్తారు, మన సంప్రదాయంలో ఒకాయన అర్చకుడు ఎలా అవుతాడు అన్నది వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. ఉపనయనం, అధ్యయనం, పరీక్ష, గురువు అనుమతి, ఈ వరుస మీ కాగితాల్లో కనిపిస్తే లాయర్ పని సగం అయిపోయినట్టే. ఇంకా దరఖాస్తు వేసే నాటికి వెనక కనీసం రెండేళ్ళు ఇదే మత సంప్రదాయంలో సభ్యుడిగా ఉన్నట్టు చూపించాలి, దానికి ఇప్పుడు మీరు చేస్తున్న శివాలయం నుంచి లెటర్‌హెడ్ మీద 2019 జూన్ నుంచి ఇప్పటిదాకా చేస్తున్నారు అని ఒకటి తీసుకోండి.

సొంతంగా పౌరోహిత్యం చేసిన నాలుగేళ్ళు ఉన్నాయి చూశారా, అక్కడ చాలామంది చేసే పని ఏంటంటే గుళ్ళో చేరిన తేదీని వెనక్కి జరిపి 2015 అని రాసేస్తారు, ఖాళీ కనపడకూడదని. వద్దు. ఆ గుడివాళ్ళు ఇచ్చే ఉత్తరంలో 2019 ఉంటుంది, మీ లెటర్లో 2015 ఉంటుంది, రెండూ ఒకే ఫైల్లో పక్కపక్కన కూర్చుంటాయి. ఆర్-1కి ఇన్నేళ్ళు గుళ్ళో ఉద్యోగం చేసి ఉండాలి అన్న నియమమే లేదు, కాబట్టి ఆ నాలుగేళ్ళని "స్వతంత్ర పౌరోహిత్యం, ఫలానా ఊరు, పెళ్ళిళ్ళు గృహప్రవేశాలు వ్రతాలు" అని ఉన్నది ఉన్నట్టు రాసేయండి. నిజానికి కమిటీకి ఆ నాలుగేళ్ళే ఎక్కువ నచ్చుతాయి, ఎందుకంటే గుళ్ళో మాత్రమే చేసినవాళ్ళు ఇళ్ళలో యజమానులతో మాట్లాడటానికి ఇబ్బంది పడతారు.

పేరు కూడా ఒకసారి చూసుకోండి. పాఠశాల సర్టిఫికెట్‌లో చివర శర్మ అని ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఉండదు, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్. లెటర్లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం రాసి, సర్టిఫికెట్‌లో వేరేగా ఉంటే కింద ఒక లైన్‌లో చెప్పేయండి.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. జీతం ఎంతిస్తారు, ఇల్లు ఇస్తారా, ఇన్సూరెన్స్ ఉందా అన్నవి అడగాల్సినవే, సిగ్గుపడక్కర్లేదు, కానీ మొదటి లెటర్లో కాదు, ఇంటర్వ్యూ అయ్యాక వాళ్ళు రాతపూర్వకంగా ఇచ్చేటప్పుడు. గ్రీన్‌కార్డ్ ఊసు అస్సలు వద్దు, ఆర్-1 మొదట 30 నెలల దాకా ఇస్తారు, పొడిగిస్తే మొత్తం ఐదేళ్ళు, ఆ తర్వాతి సంగతి ఆ తర్వాత. "బయట పూజలు కూడా చేసుకోవచ్చా" అని కొందరు అమాయకంగా లెటర్లోనే అడిగేస్తారు, అది చూడగానే కమిటీ వాళ్ళు పక్కన పెట్టేస్తారు. ఎందుకంటే ఆ వీసా మీద మీరు ఏ గుడి తరఫున వచ్చారో ఆ గుడి పనే చేయాలి, భక్తుల ఇళ్ళకి వెళ్ళినా గుడి ద్వారా బుక్ అయ్యి, గుడి పంపితేనే వెళ్ళాలి, సంభావన విషయంలో కూడా గుడికి ఒక పద్ధతి ఉంటుంది. మీ ఆవిడ డిపెండెంట్‌గా వస్తే ఆర్-2, దాని మీద ఆవిడ ఉద్యోగం చేయకూడదు, ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం, లెటర్లో రాసేది కాదు. ఇంటి కష్టాలు, అప్పులు కూడా రాయకండి, చదివేవాళ్ళకి జాలి కలుగుతుంది కానీ ఉద్యోగం ఇవ్వాలనిపించదు.

ఇంగ్లీషు గురించి భయపడకండి. మీకు ఎంత వస్తే అంత అని చెప్పండి. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు కొద్దిగానే మాట్లాడతారు, ఉపనయనంలో వటువుకి ఏం జరుగుతోందో రెండు ముక్కలు ఇంగ్లీషులో చెప్పగలిగితే చాలు. "నెమ్మదిగా మాట్లాడతాను, పూజ అర్థం క్లుప్తంగా చెప్పగలను" అని రాసి నిజంగా అంతే చేయగలిగితే, ఫ్లూయెంట్ అని రాసి వీడియో కాల్‌లో మూగనోము పట్టినవాళ్ళకంటే వెయ్యి రెట్లు మేలు. తమిళం, కన్నడం, హిందీ ఏది కొంచెం వచ్చినా రాయండి, గుడికి అందరూ వస్తారు. కారు నడపడం వస్తే అదీ ఒక లైన్, ఇళ్ళకి వెళ్ళాలంటే ఇక్కడ డ్రైవింగ్ లేకపోతే ఎవరో ఒకరు దింపాలి.

ఇదిగో, మీరు చెప్పిన వివరాలతో ఒకటి కూర్చాను. విషయం తెలుగులో రాస్తున్నా, మీ తమ్ముడిచేత ఇంగ్లీషులోకి మార్పించండి, కానీ కొత్త విశేషణాలు ఏవీ కలపొద్దని గట్టిగా చెప్పండి. మీ సూత్రం, గుడి వేళలు, ఏ పూజలు వచ్చు, ఏ భాషలు వచ్చు, డ్రైవింగ్ అన్నచోట నేను ఊహించి రాశాను, మీవి పెట్టుకోండి.

"ఆలయ కమిటీ వారికి నమస్కారం. మీ ఆలయంలో అర్చకుడి ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నాది కృష్ణ యజుర్వేదం, ఆపస్తంబ సూత్రం, స్మార్త సంప్రదాయం. 2019 జూన్ నుంచి ఒక శివాలయంలో అర్చకుడిగా ఉన్నాను. మీ ఆలయంలో శివ, గణపతి, నవగ్రహ సన్నిధుల్లో నిత్యపూజ, అభిషేకాలు నేను ఒక్కడినే నడపగలను. వెంకటేశ్వరస్వామి సన్నిధిలో మీరు ఏ ఆగమం పాటిస్తున్నారో తెలియజేస్తే అక్కడ నేను ఎంతవరకు సేవ చేయవచ్చో చెప్పగలను.

2004 నుంచి 2012 వరకు వేదపాఠశాలలో క్రమాంతం చదివి పరీక్ష పాసయ్యాను. 2012 నుంచి 2015 వరకు మా గురువుగారి ఇంట్లో ఉండి స్మార్త ప్రయోగం నేర్చుకున్నాను, ఆయన ఉత్తరం జతచేశాను. 2015 నుంచి 2019 వరకు స్వతంత్రంగా పౌరోహిత్యం చేశాను.

ప్రస్తుతం మా ఆలయంలో పొద్దున ఐదింటికి తలుపులు తీయడం నుంచి రాత్రి పవళింపు సేవ దాకా వారంలో ఆరు రోజులు నా బాధ్యత. మహాశివరాత్రికి, కార్తీక సోమవారాలకి మరో ఇద్దరు అర్చకులతో కలిసి అభిషేకాలు చేస్తాను. అలంకారం నేనే చేస్తాను, ఫోటోలు జతచేశాను. గణపతి, నవగ్రహ, రుద్ర హోమాలు, ఉపనయనం, వివాహం, గృహప్రవేశం, వ్రతాలు స్వయంగా చేయిస్తాను. చండీహోమంలోను, ఒక కుంభాభిషేకంలోను ఋత్విక్కుగా పాల్గొన్నాను. సన్నిధిలో అర్చన చేస్తాను కాబట్టి అపర కర్మలు చేయించను.

మీ ఊరి సూర్యోదయాన్ని బట్టి పంచాంగం చూసి పండగ తేదీలు చెప్పగలను. తెలుగు, సంస్కృతం బాగా వచ్చు, హిందీ మాట్లాడతాను, ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడతాను. కారు నడపడం వచ్చు, ఇండియా లైసెన్స్ ఉంది. మీకు వీలైన సమయంలో వీడియో కాల్‌లో మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాను."

అంతే, ఒక్క పేజీ దాటకూడదు. "ఒక్కడినే నడపగలను" అన్న మాట మొదటి పేరాలోనే ఉంది చూడండి, దాని కోసమే కమిటీ వెతికేది. వెంకటేశ్వరస్వామి గురించి రాసిన వాక్యం చదివి ఇదేంటి వెనక్కి తగ్గినట్టు ఉంది అనుకోకండి, దాన్ని చూసే వాళ్ళ పెద్ద అర్చకులు "ఈయనకి తెలుసు" అంటారు. ఒకవేళ అది ఒకే అర్చకుడుండే చిన్న గుడి అయ్యి, వాళ్ళకి పట్టింపు లేదని జవాబు వస్తే, అప్పుడు అక్కడ పురుషసూక్త విధానంతో షోడశోపచార పూజ చేయడం మీకు సమ్మతమా కాదా అన్నది మీ గురువుగారిని అడిగి తేల్చుకోండి, అది నేను చెప్పేది కాదు.

లెటర్‌తో పాటు వీడియో కూడా అడుగుతారు, అడక్కపోయినా పంపండి. నాలుగైదు నిమిషాలు చాలు. రుద్రంలో ఒక అనువాకం స్వరంతో, మైకు లేకుండా, వెనక సంగీతం లేకుండా. తర్వాత సంకల్పం. ఆ తర్వాత ఇంగ్లీషులో ఒక నిమిషం మీ గురించి, కాగితం చూసి చదవకుండా. అలంకారం ఫోటోలైతే ఒకే విగ్రహానివి ముందు ఒకటి, తర్వాత ఒకటి ఉండాలి, అప్పుడే అది మీ చేతిపని అని తెలుస్తుంది. కొందరు పెద్ద గుళ్ళ ఉత్సవాల ఫోటోలు పెడతారు, అందులో ఈయన ఎక్కడో వెనక నిలబడి ఉంటాడు, దాంతో ఏం తేలుతుంది చెప్పండి. హోమం ఫోటో ఉంటే చిన్న కుండంలో ఇంట్లో చేయించింది పెట్టండి, ఇక్కడ ఇళ్ళలో పొగ రాగానే అలారం మోగుతుంది, తక్కువ సమిధలతో పొగ అదుపులో పెట్టి చేయించగలిగేవాళ్ళంటే అందరికీ ఇష్టం.

మధ్యలో ఎవరైనా ఏజెంటు "గుడివాళ్ళు నాకు తెలుసు, ఆర్-1 నేను వేయిస్తా, ఇన్ని లక్షలివ్వండి" అని వస్తే మాట్లాడకుండా వచ్చేయండి. దరఖాస్తు వేసేది గుడి, ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఆ గుడికి మనుషుల్ని పంపి నిజంగా గుడి ఉందా, అక్కడ అర్చకుడి పని ఉందా, జీతం ఇవ్వగలరా అని చూసుకుంటారు కూడా. గుడి పేరు చెప్పి డబ్బు అడిగితే ఆ గుడి వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కి మీరే రాసి అడగండి, ప్రకటన నిజంగా వాళ్ళదేనా అని.

పంపేటప్పుడు లెటర్, రెజ్యూమే, పరీక్ష సర్టిఫికెట్, గురువుగారి ఉత్తరం, ఆలయం ఉత్తరం అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయండి, వాట్సాప్‌లో విడివిడిగా ఫోటోలు కొట్టకండి, కమిటీలో ఒకరి ఫోన్‌లో ఉండిపోతాయి. గురువుగారి ఉత్తరం ఇంకా చేతికి రాకపోతే దాని కోసం ఆగి గడువు పోగొట్టుకోవద్దు, లెటర్లో "జతచేశాను" బదులు "పదిహేను రోజుల్లో పంపుతాను" అని పెట్టి పంపేయండి, కానీ గురువుగారి దగ్గరికి మాత్రం ఈ వారంలోనే వెళ్ళండి, ఆ సంవత్సరాలూ నెలలూ ఇద్దరూ కూర్చుని గుర్తు తెచ్చుకోవడానికే ఒక పూట పడుతుంది.